బిల్జి నీళ్ల లెక్క రేవులో తేలాలి

ఈమధ్య మా ఓడల వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. సరుకు ఓడ ఒకటి వెళ్తోంది. దాని వెనకాల నీటి మీద ఇంద్రధనుస్సు రంగులు మెరుస్తూ పొడుగ్గా ఒక నూనె చార. కింద వరసగా వ్యాఖ్యలు. ఆ ఛీఫ్ ఇంజనీరును జైల్లో వేయాలని ఒకరు, ఓడల వల్ల సముద్రం పాడవకుండా దేశాలు చేసుకున్న మార్పోల్ ఒప్పందం ఉండి ఏం లాభమని ఇంకొకరు. ఒక పెద్దాయన అయితే, "ఈ రూల్స్ అన్నీ కాగితాల మీదేనయ్యా" అని తేల్చేశారు.

ఇంజన్ రూములో చాలాకాలం పనిచేసినవాణ్ని కాబట్టి ఆ మాటను అంత తేలిగ్గా వదలలేకపోయాను. సముద్రంలో ఏం పోయకూడదు, ఎంత పోయకూడదు అన్న విషయంలో మార్పోల్ చాలా గట్టిగానే ఉంది. అది మెత్తబడేది ఓడ రేవుకు చేరాకే. సముద్రంలో పోయని ఆ నూనె నీళ్లను ఎవరు దించుకోవాలి, ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్న దగ్గర అది ఓడను దాదాపు ఒంటరిగా వదిలేసింది. ఇంజనీర్లు దొంగదారి పట్టడానికి అసలు కారణం అక్కడుందని నా నమ్మకం.

పదిహేను పీపీఎం అంటే ఎంత

ఇంజన్ రూము అడుగున ఎప్పుడూ నీళ్లు చేరుతూనే ఉంటాయి. పంపు గ్లాండు దగ్గర చుక్కలు కారతాయి, కూలర్ తెరిచినప్పుడు కొన్ని పడతాయి, ఫ్లోరు కడిగిన నీళ్లూ కిందికే పోతాయి. దారిలో కారిన డీజిలూ లూబ్ ఆయిలూ వాటితో కలుస్తాయి. ఇవే బిల్జి నీళ్లు. వీటిని ఒక ట్యాంకులో పడతారు. 400 గ్రాస్ టన్నులు, ఆపైన ఉన్న ఓడలు వీటిని సముద్రంలోకి వదలాలంటే ఓడ ప్రయాణంలో ఉండాలి, నీళ్లు నూనెను వేరుచేసే సెపరేటర్‌లోంచి వెళ్లాలి, బయటికి పోయే నీటిలో నూనె పదిహేను పీపీఎం దాటకూడదు. అంటే పది లక్షల పాళ్లలో పదిహేను పాళ్లు. వెయ్యి లీటర్లకు పదిహేను మిల్లీలీటర్లు. పది వేల లీటర్ల బిల్జి నీళ్లు వదిలినా సముద్రంలో కలిసే నూనె 150 మిల్లీలీటర్లకు మించకూడదు. ఇంతకన్నా గట్టి రూలు అడగాల్సిన పని లేదనే అనుకుంటాను.

సెపరేటర్ పనిచేసే తీరు కూడా కష్టమైనదేమీ కాదు. నీళ్లు అందులో నెమ్మదిగా కదులుతుంటే నూనె బొట్లు పలకలకు తగిలి ఒకటితో ఒకటి కలిసి పెద్దవై పైకి తేలతాయి. మిగిలినదాన్ని ఫిల్టర్ పడుతుంది. బయటికి వెళ్లే దారిలో ఒక మీటరు ఉంటుంది. నీటిలోంచి కాంతిని పంపి, అది ఎంత చెదిరిందో చూసి నూనె ఎంతుందో అంచనా కడుతుంది. పదిహేను దాటగానే అలారం మోగుతుంది, వాల్వు తిరిగి నీళ్లు మళ్లీ బిల్జి ట్యాంకులోకే వచ్చేస్తాయి.

చిక్కల్లా సబ్బుతో వస్తుంది. ఫ్లోరు మీది జిడ్డు పోవాలని గట్టి డిటర్జెంటు వాడితే నూనె నీటిలో పాలలా కలిసిపోతుంది. ఇక అది పైకి తేలదు. సెపరేటర్ ఎంత మంచిదైనా మీటరు అలారం కొడుతూనే ఉంటుంది. తుప్పు పొడి, మసి వచ్చినా అంతే, మీటరుకు అదీ నూనెలాగే కనిపిస్తుంది. రాత్రి వాచ్‌లో గంట సేపు సెపరేటర్ నడిపితే అందులో ముప్పావు గంట నీళ్లు తిరిగి ట్యాంకులోకే వచ్చిన రోజులు నాకు బాగా గుర్తు. ట్యాంకు నిండిపోతుంటే ఎంత టెన్షన్ పడతామో డెక్ మీద ఉన్నవాళ్లకు తెలియదు.

పదహారు వేల లీటర్లు, ఒక పైపు

వీడియో చూడగానే నాకు కరీబియన్ ప్రిన్సెస్ కేసు గుర్తొచ్చింది. మా వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన కేసే, కానీ అందులో ఒక వాక్యాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. దాని గురించి చెప్పడానికే మళ్లీ ఎత్తుకుంటున్నాను.

2013 ఆగస్టు 26న ఆ ప్రయాణికుల ఓడ ఇంగ్లండ్ తీరానికి సుమారు ఇరవై మూడు మైళ్ల దూరంలో ఉంది. సెపరేటర్‌ను పక్కన పెట్టి, ఒక పైపు బిగించి, 4,227 గ్యాలన్ల బిల్జి నీళ్లు నేరుగా సముద్రంలోకి తోడేశారు. మన లెక్కలో దాదాపు పదహారు వేల లీటర్లు. రూలు ప్రకారం శుద్ధి చేసి వదిలి ఉంటే అందులో పోయే నూనె పావు లీటరు లోపే. మ్యాజిక్ పైపు అని పేరున్న ఇలాంటి పైపు కథ ఆ ఓడలో 2005 నుంచీ నడుస్తోందని తర్వాత తేలింది. ఆ రోజు ఒక పక్క మురికి నీళ్లు దొంగదారిన పోతుంటే, ఇంకో పక్క సెపరేటర్ దారిలోంచి శుభ్రమైన సముద్రపు నీళ్లు పంపించారు. మీటరు రికార్డు చూసేవాళ్లకు అంతా రూలు ప్రకారమే జరిగినట్టు కనిపించాలని.

కొత్తగా చేరిన ఒక ఇంజనీరు ఆ పైపు ఫోటోలు తీసి, ఓడ సౌతాంప్టన్ చేరగానే ఉద్యోగం వదిలేసి, బ్రిటిష్ అధికారులకు ఆ సంగతి చెప్పాడు. ఓడలో వెంటనే పైపు విప్పేశారు, కింది వాళ్లను అబద్ధం చెప్పమన్నారు. సెప్టెంబరు 14న ఓడ న్యూయార్క్ చేరి అమెరికా కోస్ట్‌గార్డ్ ఎక్కినప్పుడు కూడా కొందరు అబద్ధాలే చెప్పారు. చివరికి 2016 డిసెంబరులో కంపెనీ నేరం ఒప్పుకుంది. జరిమానా నాలుగు కోట్ల డాలర్లు. ఓడ కావాలని చేసిన కాలుష్యానికి అప్పటిదాకా అంత జరిమానా ఎన్నడూ పడలేదు. బయటపెట్టిన ఇంజనీరుకు కోర్టు పది లక్షల డాలర్లు ఇప్పించింది.

నేను చెప్పాలనుకున్న వాక్యం కోర్టు కాగితాల్లోనే ఉంది. ఇదంతా ఎందుకు చేశారన్నదానికి అక్కడ ఇచ్చిన కారణం అది. రేవులో ఆ నీళ్లు దించడానికి చాలా ఖర్చవుతుందని, ఒడ్డున ఉన్న తన సూపరింటెండెంటు ఆ డబ్బు కట్టడానికి ఇష్టపడడని ఛీఫ్ ఇంజనీరు తన కింది ఇంజనీర్లకు చెప్పాడట. వేల మంది ప్రయాణికులు ఎక్కే ఓడలో, అంత సంపన్నమైన కంపెనీలో, ఒక ఛీఫ్ ఇంజనీరు రేవు బిల్లుకు భయపడ్డాడు. చిన్న సరుకు ఓడలో, అప్పుల్లో ఉన్న యజమాని కింద పనిచేసే ఛీఫ్ సంగతి ఇక ఊహించుకోవచ్చు.

పుస్తకం పట్టిస్తుంది

రూల్స్ కాగితాల మీదేనన్న పెద్దాయన మాటలో ఒక నిజం ఉంది, ఆయన చెప్పిన అర్థంలో కాకపోయినా. ఈ కేసుల్లో దోషుల్ని పట్టించేది ఎక్కువగా కాగితమే. నడిసముద్రంలో జరిగిన నేరం మీద చర్య తీసుకోవాల్సింది ఆ ఓడ ఏ దేశపు జెండా కింద నడుస్తుందో ఆ దేశం. కరీబియన్ ప్రిన్సెస్‌ది బెర్ముడా జెండా, నీళ్లు పోసింది ఇంగ్లండ్ దగ్గర. మరి అమెరికా కోర్టుకు అక్కడ పనేమిటి? ఆ ఓడ అబద్ధపు ఆయిల్ రికార్డ్ బుక్ పట్టుకుని అమెరికా రేవులోకి రావడమే అమెరికాలో నేరం.

ఆ పుస్తకంలో ప్రతి పంపింగూ రాయాలి. ఎన్ని ఘనమీటర్లు, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసింది, అప్పుడు ఓడ ఎక్కడుంది అన్నవన్నీ. చేసిన ఇంజనీరు ప్రతి పద్దు కిందా సంతకం పెట్టాలి, ప్రతి పేజీ కింద కెప్టెన్ పెట్టాలి. చివరి పద్దు తర్వాత మూడేళ్లు పుస్తకాన్ని ఓడలోనే ఉంచాలి. అబద్ధం రాయడం తేలికే, కానీ ఆ అబద్ధం మిగతా లెక్కలన్నిటితో కుదరడం చాలా కష్టం.

ఒక ఓడ రోజుకు ఇరవై అయిదు టన్నుల హెవీ ఆయిల్ కాలుస్తుందనుకుందాం. ఆ ఆయిల్‌ను ప్యూరిఫయర్‌లో శుభ్రం చేసేటప్పుడు స్లడ్జ్ వస్తుంది, అంటే చిక్కటి మడ్డి. నూటికి ఒక పాలు అనుకున్నా రోజుకు 250 కిలోలు, నెలకు ఏడున్నర టన్నులు. తనిఖీకి వచ్చినాయన పుస్తకం తిరగేస్తాడు. నెలలో స్లడ్జ్ ట్యాంకు మట్టం రెండు టన్నులే పెరిగింది. ఇన్సినరేటర్‌లో ఒక టన్ను కాల్చినట్టుంది. రేవులో దించిన రసీదు ఒక్కటీ లేదు. మరి మిగతా నాలుగున్నర టన్నులు ఏమయ్యాయి? కాల్చేశామంటే ఇన్సినరేటర్ ఎన్ని గంటలు నడిచిందో చూపించాలి. గంటకు నలభై లీటర్లు కాల్చే యంత్రం రెండు గంటల్లో అయిదు వందల లీటర్లు కాల్చలేదు కదా. మడ్డిలోని నీళ్లు ఆవిరి చేశామంటే దానికీ పద్దు ఉండాలి.

సెపరేటర్ దగ్గరా ఇదే పద్ధతి. గంటకు అయిదు ఘనమీటర్లు శుద్ధి చేసే యంత్రంతో గంటన్నరలో పన్నెండు వదిలామని రాస్తే అక్కడే దొరికిపోతారు. ఇంజన్ రూములో రోజూ ట్యాంకుల సౌండింగ్, అంటే మట్టం కొలతలు, రాసుకునే మామూలు నోటు పుస్తకం ఉంటుంది. దాన్ని ఆయిల్ రికార్డ్ బుక్ పక్కన పెట్టి చూస్తే చాలాసార్లు కథ బయటపడుతుంది. తర్వాత టార్చిలైటు పట్టుకుని పైపుల దగ్గరికి వెళ్తారు. ఫ్లాంజి బోల్టుల మీద రంగు గీసుకుపోయిందా, పాత పైపుల మధ్య ఒక్కచోటే కొత్త గ్యాస్కెట్ ఉందా అని చూస్తారు. నీళ్లు సముద్రంలోకి పోయే ఓవర్‌బోర్డ్ వాల్వు దగ్గర పైపు విప్పించి లోపల వేలు పెట్టి రాస్తారు. శుభ్రమైన నీళ్లే పోయే పైపులో వేలికి నల్లటి జిడ్డు అంటకూడదు. ఒకసారి తనిఖీలో ఆ వేలినే చూస్తూ నిలబడ్డాను. మా పైపు శుభ్రంగానే ఉంది, అయినా ఊపిరి బిగపట్టే చూశాను.

మీటరును మంచినీళ్లతో మోసం చేయడం కూడా ఇప్పుడు కష్టమైంది. 2005 నుంచి బిగించిన మీటర్లు కడగడానికి మంచినీళ్లు పంపినా అలారం కొట్టాలి, రికార్డును పద్దెనిమిది నెలలు దాచుకోవాలి. కాబట్టి రూలూ యంత్రమూ వెనకబడి లేవు.

చెత్త, మురుగు

చెత్త విషయంలో 2013 నుంచి రూలు తిరగబడింది. అంతకుముందు ఏవి వేయకూడదో రాసేవారు. ఇప్పుడు అన్నీ నిషేధమే, మినహాయింపులు మాత్రమే రాసి ఉంటాయి. వంటగది మిగులును మామూలు సముద్రంలో 25 మిల్లీమీటర్ల జల్లెడలో పట్టేంత చిన్నగా చేస్తే ఒడ్డుకు మూడు నాటికల్ మైళ్ల అవతల, చేయకపోతే పన్నెండు మైళ్ల అవతల వేయవచ్చు. ప్లాస్టిక్ మాత్రం ఎక్కడా వేయకూడదు. ఇక్కడ తప్పు ఎక్కువగా జరిగేది దురుద్దేశంతో కాదు, వంటగదిలో వేరు చేయకపోవడం వల్ల. సాస్ ప్యాకెట్టు మూల, పాల డబ్బా మూత అన్నం మెతుకులతో కలిసి గ్రైండర్‌లోకి వెళ్లిపోతాయి. కరీబియన్ ప్రిన్సెస్ మాతృసంస్థ 2019లో ఆ కేసులో పెట్టిన ప్రొబేషన్ షరతులు ఉల్లంఘించినందుకు మరో రెండు కోట్ల డాలర్లు కట్టింది. ఆ ఉల్లంఘనల్లో, బహమాస్ జలాల్లో ఆహార వ్యర్థాలతో కలిపి ప్లాస్టిక్ వదలడం ఒకటి.

మరుగుదొడ్ల నీటికి రూలు వేరు. శుద్ధి చేయనిదైతే పన్నెండు మైళ్ల అవతల, ఓడ కనీసం నాలుగు నాట్ల వేగంతో వెళ్తూ, కొద్దికొద్దిగా వదలాలి. నలగ్గొట్టి, క్రిమిసంహారకం కలిపితే మూడు మైళ్ల అవతల వదలవచ్చు. ఆమోదం పొందిన శుద్ధి యంత్రం ఉంటే దూరం లెక్క లేదు. నాకు నచ్చనిదేమిటంటే, స్నానాల నీళ్లు, సింకుల నీళ్లు ఈ ఒప్పందం కిందికి రావు. ప్రిన్సెస్ కంపెనీ ఓడల్లో ఈ ఖాళీనే వాడుకున్నారు. ఆ నీళ్ల ట్యాంకులు పొంగి బిల్జిలోకి పడి నూనెతో కలిస్తే, వాటిని బిల్జి నీళ్లుగా శుద్ధి చేయకుండా తిరిగి ఆ ట్యాంకుల్లోకే తోడేశారు. అటునుంచి సముద్రంలోకి వదిలినా నూనె మీటరు అడ్డురాదు, ఆయిల్ రికార్డ్ బుక్‌లోనూ ఆ సంగతి రాయలేదు.

రాని లారీ

ఇక అసలు సంగతి. మా ఊరి వైపు కుర్రాడొకడు ఫోర్త్ ఇంజనీరుగా చేస్తున్నాడు. కొన్నాళ్ల కిందట ఒక రేవు నుంచి ఫోన్ చేశాడు.

"అన్నా, బిల్జి ట్యాంకు ఎనభై అయిదు శాతం నిండింది. నీళ్లు పట్టుకెళ్లే లారీ కోసం ఏజెంటుకు మూడుసార్లు మెయిల్ పెట్టారు. ఈరోజు సెలవు, రేపు చూద్దాం అంటున్నాడు. రాత్రికే సెయిలింగ్."

"ఛీఫ్ ఏమంటున్నాడ్రా?"

"తర్వాతి రేవులో ఇద్దాం, ఇక్కడ రేటు ఎక్కువ అంటున్నాడు. అక్కడ రేటు ఎంతో ఎవరికీ తెలీదు."

వాళ్లు ఎవరి కన్నూ కప్పలేదు. సెపరేటర్‌ను రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండి ఎలాగో నెట్టుకొచ్చారు. కానీ ఆ కుర్రాడి మాటల్లో ఉన్న పరిస్థితి నాకు కొత్తేమీ కాదు. మడ్డిలో మండే నూనె ఉంటుంది కాబట్టి దానికి కొన్నిచోట్ల కొనేవాళ్లు కూడా దొరుకుతారు. బిల్జి ట్యాంకులో ఎక్కువ భాగం ఉత్త నీళ్లు. దాన్ని డబ్బిచ్చి వదిలించుకోవాల్సిందే.

సభ్యదేశాలు తమ రేవుల్లో ఈ వ్యర్థాలు దించుకునే ఏర్పాటు చేయాలని మార్పోల్ రాసింది. చేయకపోతే? ఓడ తప్పు చేస్తే కోట్ల డాలర్ల జరిమానా, ఇంజనీరుకు జైలు. రేవు తప్పు చేస్తే కెప్టెన్ నింపి పంపడానికి ఒక ఫారం ఉంది. ఇంత తేడా ఉన్నప్పుడు ఒత్తిడంతా ఎవరి మీద పడుతుందో చెప్పక్కర్లేదు.

ఈ లోపం ఒప్పందం రాసినవాళ్లకు తెలియనిది కాదు. ప్రత్యేక ప్రాంతాలుగా గుర్తించిన సముద్రాల్లో కఠినమైన రూల్స్ అమలు కావాలంటే ముందు అక్కడి రేవుల్లో తగిన ఏర్పాట్లు ఉన్నాయని ఆ దేశాలు చెప్పాలి. ఎర్ర సముద్రాన్నే చూడండి. దాన్ని 1973 ఒప్పందంలోనే నూనెకూ చెత్తకూ ప్రత్యేక ప్రాంతంగా రాశారు. ఆ రూల్స్ అక్కడ అమల్లోకి వచ్చింది 2025 జనవరి 1న. అర్ధ శతాబ్దం పాటు అడ్డుపడింది రేవుల్లో లేని ఏర్పాట్లే.

బాల్టిక్ దేశాలు వేరే దారి పట్టాయి. అక్కడ ఇంజన్ రూము నూనె వ్యర్థాలకూ చెత్తకూ మురుగుకూ విడిగా బిల్లు వేయకూడదన్నది పద్ధతి. రేవుకు వచ్చే ప్రతి ఓడా, దించినా దించకపోయినా, ఆ ఖర్చును రేవు రుసుములోనే కట్టేస్తుంది. కట్టేసిన డబ్బు ఎలాగూ తిరిగిరాదు కాబట్టి ఛీఫ్ నిశ్చింతగా దించేస్తాడు. యూరోపియన్ యూనియన్ 2019లో తెచ్చిన ఆదేశం కూడా మామూలు చెత్తకు ఇదే పద్ధతి పెట్టింది. ఓడలో చెత్తకు కేటాయించిన జాగాకు మించి తెస్తే తప్ప విడిగా వసూలు చేయరు. నూనె వ్యర్థాలకు మాత్రం దించే ఖర్చులో కనీసం ముప్పై శాతమే అందరి రుసుములోంచి రావాలంది. నా ఉద్దేశంలో తక్కువ చేసింది అక్కడే. దొంగ పైపు బిగించేది బిల్జి నీళ్ల కోసమేగాని బిస్కెట్ ప్యాకెట్ల కోసం కాదు.

ఎదురు వాదనలు

మన రేవుల్లోనూ విడి బిల్లు లేకుండా దించుకోవాలని గ్రూపులో అంటే రేవులో పనిచేసి రిటైరైన మిత్రుడొకరు గట్టిగా అడ్డుపడ్డారు. ఉచితమంటే ప్రతి ఓడా పాత పదిచోట్ల మురికినీ తెచ్చి మా దగ్గరే దించుతుంది, చిన్న రేవు ఎక్కడ తట్టుకుంటుందని. ఈ భయం నిజమైనదే. అందుకే ట్యాంకు కొలతను బట్టి ఒక హద్దు పెట్టి, దాటితే వసూలు చేయాలి. పక్కపక్క రేవులన్నీ ఒకే పద్ధతి పాటించకపోతే ఉచితం ఉన్నచోటికే అందరూ మోసుకొస్తారన్నదీ ఒప్పుకోవాలి. విశాఖ ఒక్కటే మొదలుపెట్టి, పైన పారదీపూ కింద చెన్నై ఊరుకుంటే లాభం లేదు. తూర్పు తీరమంతా కలిసి చేయాల్సిన పని.

ఆయన ఇంకో మాట కూడా అన్నారు, దానికి నా దగ్గర అంత తేలికైన జవాబు లేదు. లారీ పట్టుకెళ్లిన నీళ్లు చివరికి ఎక్కడికి పోతాయి? సరైన శుద్ధి కేంద్రం లేకపోతే సముద్రంలో పోయని నూనె ఊరి కాలువలో కలుస్తుంది, కాలువ మళ్లీ సముద్రానికే చేరుతుంది. రుసుము ముందే వసూలైతే కాంట్రాక్టరు లారీ లెక్కనూ, శుద్ధి కేంద్రం దించుకున్న లెక్కనూ రేవు యాజమాన్యం పక్కపక్కన పెట్టి చూడగలదు. ఓడ పుస్తకానికి చేసే కూడికా తీసివేతా ఒడ్డున కూడా చేయాలి. ఇప్పుడు ఆ పని ఎంతవరకు జరుగుతోందని ఆయన్నే అడిగాను. లారీ గేటు దాటిందాకే తాము చూసేవాళ్లమని చెప్పారు.

మూడో వాదన నా తోటి ఇంజనీర్లది. డబ్బు ఖర్చు లేకపోయినా బద్ధకంతో పోసేవాళ్లు పోస్తారని. ఉంటారు. వాళ్ల కోసం పుస్తకమూ టార్చిలైటూ జైలూ ఉండనే ఉన్నాయి, వాటిలో ఏదీ తగ్గించమని నేను అనడం లేదు. కానీ తనిఖీ చేసేవాళ్లు పైపులు చూసే ముందు ఇంకొక కాగితం కూడా అడగాలి. గత ఏడాది వ్యర్థాలు దించడానికి కంపెనీ ఈ ఓడకు ఎంత డబ్బు కేటాయించింది, అందులో ఎంత ఖర్చయింది అన్నది. రోజుకు పాతిక టన్నులు కాల్చే ఓడకు ఆ గడిలో సున్నా కనిపిస్తే, ఛీఫ్‌ను ప్రశ్నించే ముందు ఆ బడ్జెట్ మీద సంతకం చేసిన సూపరింటెండెంటును పిలిపించాలి.